ఒక్క క్లాప్‌తో రెండు గంటల కచేరీ కుదరదు

“కెమెరాలోనూ రికార్డర్‌లోనూ 48 కిలోహెర్ట్జే పెట్టాం. మొదట్లో క్లాప్ కొట్టాం. ఇక సింక్ ఎలా తప్పుతుంది?” కచేరీలు షూట్ చేసేవాళ్లు ఇంకా ఇదే మాట అంటున్నారు. చివరికి వచ్చేసరికి పెదాలకూ పాటకూ పొంతన లేకపోతే రికార్డర్ పాడైందని తేల్చేస్తున్నారు. గాయని ముందున్న మైకు పట్టిన శుభ్రమైన గొంతు పక్కకు పోయి, హాలు చివర కెమెరా విన్న గోల వీడియోలో మిగులుతోంది. ఇది అన్యాయం.

రికార్డర్ బాగానే ఉంది. 48 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 48,000 శాంపిళ్లు, నిజమే. ఆ సెకను ఎంతన్నది మాత్రం ప్రతి పరికరమూ తనలోని క్వార్ట్జ్ స్ఫటికంతోనే కొలుచుకుంటుంది. ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు.

రెండు గంటల కచేరీని సెకనుకు 25 ఫ్రేములతో తీశారనుకోండి. మొదటి క్లాప్ కలిసింది, చివరి క్లాప్ దగ్గర రికార్డర్ శబ్దం ఆరు ఫ్రేములు ఆలస్యమైంది. ఫ్రేముకు 40 మిల్లీసెకన్ల చొప్పున 240. మామూలు పరికరాల మధ్య ఈ తేడా వింతేమీ కాదు. ఇది 20 నిమిషాలకు ఒక ఫ్రేము చొప్పున పెరుగుతూ వస్తుంది కాబట్టి మొదటి కృతిలో ఎవరికీ తెలియదు. ఇలా సమంగా పెరిగితే గడియారాల తేడా. మొదటినుంచీ ఒకేలా ఉంటే మీరు కలపడంలో పొరపాటు. మధ్యలో ఉన్నట్టుండి గెంతితే ఫైల్లో ఎక్కడో ముక్క పోయింది.

వేగం మార్చి సరిచేద్దామంటే కావలసింది 100.0033 శాతం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రెండు దశాంశ స్థానాలే తీసుకుంటే 100.01 పెట్టాలి, అప్పుడు చివర్లో శబ్దం పన్నెండు ఫ్రేములు ముందే వచ్చేస్తుంది. దానికంటే కృతి ముగిశాక వచ్చే చప్పట్ల దగ్గర ఆడియోను కోసి, అవసరమైనప్పుడల్లా మిగతా భాగాన్ని ఒక ఫ్రేము ఎడమకు జరపండి. చప్పట్లలో ఆ కోత వినపడదు.



వేవ్‌ఫామ్‌లు పోల్చే సాఫ్ట్‌వేర్ ఉండగా క్లాప్ ఎందుకనే వాదనను కొంతవరకు ఒప్పుకోక తప్పదు. చిన్న షాట్లలో, కెమెరా మైకు ఆన్‌లో ఉంటే, అది చేతిపని కంటే వేగంగా కలుపుతుంది. కానీ అది కలిపేది కెమెరా విన్నదానితో. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లే వెళ్తుంది. కెమెరా వేదికకు 27 మీటర్ల దూరంలో ఉంటే దానికి పాట రెండు ఫ్రేములు ఆలస్యంగా అందుతుంది, రికార్డర్ ఆడియో కూడా ఆ ఆలస్యంతోనే కలుస్తుంది. అందుకని వేవ్‌ఫామ్‌తో కలిపాక, చేతులు కలిసిన ఫ్రేము చూసుకుని ఆ రెండు ఫ్రేములూ ఎడమకు జరపండి.

పరికరాలు ఆపేముందు రెండో క్లాప్ తప్పకుండా కొట్టించండి. అది కుదరకపోతే, మృదంగ విద్వాంసుడి చెయ్యి కనిపించే షాట్‌లో చివరి బలమైన దెబ్బను గుర్తు పెట్టుకోండి.