ఒక్క చుక్కతో మారే మాట

"రేపటికి రిపోర్టు ఇవ్వగలరా?" అని ఆఫీసు చాట్‌లో అడిగారు. "సరే" అని జవాబొస్తే మామూలుగానే ఉంటుంది. "సరే." అని వస్తే మాత్రం, కోపమొచ్చిందా అని మనసు పీకుతుంది.

2015లో అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. ఫోన్ సందేశాల్లో ఒక్క మాట జవాబు చివర ఫుల్‌స్టాప్ ఉంటే, అది అంత మనస్ఫూర్తిగా లేదని విద్యార్థులకు అనిపించింది. అదే జవాబు చేతిరాత చీటీలో ఉన్నప్పుడు ఆ తేడా కనిపించలేదు.

కారణం ఉంది. చాట్‌లో 'సెండ్' నొక్కగానే వాక్యం ముగిసినట్టే. ఇక చుక్క అవసరం లేదు. అవసరం లేనిది పెడితే, కావాలనే పెట్టారనుకుంటాం. రెండు మూడు వాక్యాల సందేశంలో మాత్రం చుక్క తన మామూలు పనే చేస్తుంది.

"సరే!" అంటే ఉత్సాహం వినిపిస్తుంది. ప్రతి వాక్యానికీ ఆశ్చర్యార్థకం తగిలిస్తే ఆ విలువ పోతుంది. నవ్వు బొమ్మకూ హద్దుంది. పరిచయం లేనివారికి రాసే తొలి ఆఫీసు ఈమెయిల్‌లో అది ఆప్యాయతను పెంచకపోగా, రాసినవారి సమర్థతపై నమ్మకాన్ని తగ్గించిందని 2017లో ఇజ్రాయెల్ పరిశోధకులు తేల్చారు.

చుక్కలూ బొమ్మలూ వెతికేకంటే "సరే, రేపు పది గంటలకల్లా పంపిస్తానండీ" అని రాయండి. అపార్థానికి చోటుండదు.