నూట ఇరవై షాఫ్టులు, ఒక ఉత్తరం

సరుకు తేడాగా వచ్చిందంటే మన చిన్న పరిశ్రమల్లో ముందు జరిగేది ఫోను. "అన్నా, మొన్న పంపిన షాఫ్టులు తేడా కొడుతున్నయి, ఓసారి చూడు" అంటారు కొన్నవాళ్లు. "పంపియ్యన్నా, చేసిస్తా" అంటారు అమ్మినవాళ్లు. మాట మంచిదే. కానీ ఎన్ని పంపాలి, వాటిని ఏం చేయాలి, ఎప్పటిలోగా, ఎవరి ఖర్చుతో అన్నవేవీ ఆ ఫోనులో తేలవు. నెల తర్వాత బిల్లు దగ్గర ఇద్దరికీ చెరో జ్ఞాపకం మిగులుతుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. జీడిమెట్లలో నీటి పంపులు తయారుచేసే యూనిట్ ఒకటి. బాలానగర్‌లోని చిన్న మెషిన్ షాపు నుంచి దానికి జూన్ 3న వెయ్యి షాఫ్టులు వచ్చాయి. బేరింగ్ కూర్చునే చోట షాఫ్టు వ్యాసం 25.002 నుంచి 25.015 మిల్లీమీటర్ల మధ్య ఉండాలని డ్రాయింగ్. అంటే అటూ ఇటూ కలిపి 13 మైక్రాన్ల వెసులుబాటు. అంతకంటే లావైతే బేరింగ్ బిగుసుకుపోయి త్వరగా వేడెక్కుతుంది. సన్నమైతే బేరింగ్ లోపలి రింగు షాఫ్టు మీద జారి, రెంటినీ అరగదీస్తుంది.

వెయ్యి షాఫ్టులనూ ఒక్కొక్కటిగా కొలవరు. ఐఎస్ 2500 అనే భారతీయ ప్రమాణంలో దీనికి పట్టికలు ఉన్నాయి. వెయ్యి ఉన్న లాటుకు మామూలు తనిఖీ స్థాయిలో 80 శాంపిళ్లు తీయాలి. ఆర్డరులో ఏక్యూఎల్ 1 శాతం అని రాసుకుని ఉంటే, ఆ ఎనభైలో రెండు తేడా ఉన్నా లాటు పాసవుతుంది, మూడైతే ఫెయిలు. మన లాటులో తొమ్మిది తేలాయి. లాటు మొత్తం నిలిచిపోయింది.

ఫలితం చెప్పగానే అటునుంచి వచ్చే మొదటి జవాబు "మా దగ్గర సరిగ్గానే ఉన్నాయి సార్" అన్నదే. చాలాసార్లు అది అబద్ధం కాదు. గ్రైండింగ్ మెషిన్ మీంచి అప్పుడే దింపిన షాఫ్టు వేడిగా ఉంటుంది. మైక్రోమీటర్ కంటే షాఫ్టు 20 డిగ్రీలు వేడిగా ఉంటే, 25 మిల్లీమీటర్ల ఉక్కు దాదాపు 6 మైక్రాన్లు లావుగా కనిపిస్తుంది. మొత్తం వెసులుబాటే 13 మైక్రాన్లు. వేడి మీద కొలిచినప్పుడు పాసైన షాఫ్టు రాత్రి చల్లారాక సన్నబడి ఫెయిలవుతుంది. అందుకే ఉత్తరంలో "సైజు తేడా" అని రాసి ఊరుకుంటే చాలదు. ఏ చోట, ఏ పరికరంతో కొలిచారో, కొలిచే ముందు షాఫ్టునూ మైక్రోమీటర్‌నూ ఒకే గదిలో ఎంతసేపు ఉంచారో రాయాలి. వాదన సగం అక్కడే ఆగుతుంది.

ఫెయిలైన లాటును ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. మొత్తం తిప్పి పంపేయవచ్చు. కానీ అసెంబ్లీ లైను ఆగిపోతుందని భయం ఉంటే, సప్లయర్ ఒప్పుకున్నాక, వాళ్ల ఖర్చుతో వెయ్యీ ఏరడమే నయం. మన ఉదాహరణలో అలా ఏరితే 880 బాగున్నాయి, 40 లావు, 80 సన్నం.

ఈ నలభైనీ ఎనభైనీ కలిపి "నూట ఇరవై రీవర్కు చేయండి" అని రాయడం పెద్ద పొరపాటు. లావుగా ఉన్నవాటిని మళ్లీ గ్రైండ్ చేయవచ్చు. చివర్లలోని సెంటర్ గుంతలు దెబ్బతినకపోతే, వాటి మీదే బిగించి నాలుగు మైక్రాన్లు తీస్తే సరిపోతుంది. సన్నంగా ఉన్నవాటిలో లోహమే లేదు, కొలతకు తేవాలంటే పైన ఏదో ఒకటి కలపాలి. హార్డ్ క్రోమ్ పూసి గ్రైండ్ చేసే పద్ధతి ఉంది కానీ, పూత తర్వాత సరిగ్గా వేడిచేయకపోతే ఉక్కు పెళుసుబారే ప్రమాదం ఉంటుంది. ఇంకో చిట్కా కూడా షాపుల్లో నడుస్తుంది, అదే అసలు ప్రమాదం. బేరింగ్ కూర్చునే చోట పంచ్‌తో చుట్టూ చుక్కలు కొడతారు. చుక్క చుట్టూ లోహం ఉబ్బుతుంది, మైక్రోమీటర్ ఆ ఉబ్బుల మీద ఆని సరైన కొలత చూపిస్తుంది, బేరింగ్ కూడా బిగుతుగానే ఎక్కుతుంది. కొన్నాళ్లు తిరిగాక ఉబ్బులు అణిగి మళ్లీ వదులవుతుంది. తిరిగొచ్చిన షాఫ్టును వెలుతురులో తిప్పి చూస్తే ఆ చుక్కలు దొరికిపోతాయి. రీవర్కు అనే మాటకు హద్దు గీయకపోతే ఇదీ రీవర్కే అంటారు.

ఇవన్నీ పెట్టి రాస్తే ఉత్తరం ఇంతే ఉంటుంది:

"ప్రొప్రయిటర్ గారికి, నమస్కారం. మా ఆర్డరు మేరకు జూన్ 3న మీ ఇన్వాయిస్‌తో అందిన 1000 షాఫ్టుల లాటు తనిఖీలో నిలవలేదు. 80 శాంపిళ్లలో 9 బేరింగ్ సీటు వ్యాసంలో తేడాగా ఉన్నాయి. కొలతల షీటు జతచేశాం. మీ అంగీకారంతో మొత్తం ఏరగా 880 తీసుకున్నాం, 120 తిరస్కరించాం. లావుగా ఉన్న 40 షాఫ్టులను గ్రైండింగ్‌తో మాత్రమే సరిచేసి జూన్ 12లోగా ఇవ్వండి. ఈ అవకాశం ఒక్కసారే. సన్నంగా ఉన్న 80 షాఫ్టుల స్థానంలో కొత్తవి జూన్ 18లోగా కావాలి. పూత, వెల్డింగ్, పంచింగ్ వంటివి మా రాతపూర్వక అనుమతి లేకుండా చేయవద్దు. ఏరిన కూలీ, రానుపోను రవాణా మీ ఖాతాలో. మీరు కొలిచి చూడదలిస్తే జూన్ 8లోగా మా దగ్గరకు రండి, సరుకు విడిగా ఎర్ర ట్యాగులతో ఉంచాం."

జూన్ 18 గాలిలోంచి వచ్చిన తేదీ కాదు. చేతిలోని 880 షాఫ్టులతో లైను జూన్ 20 దాకా నడుస్తుంది. వచ్చినవాటిని మళ్లీ కొలవడానికి రెండు రోజులు తీసేస్తే 18. అటువైపు కడ్డీ తెచ్చి, టర్నింగ్, కీవే, గ్రైండింగ్ చేయడానికి ఎన్ని రోజులు పడుతుందో కూడా అడిగి తెలుసుకోవాలి. కుదరని గడువు రాస్తే మళ్లీ వేడి షాఫ్టులే వస్తాయి.

ఉత్తరం తేదీకి ఇంకో లెక్క ఉంది. సప్లయర్ సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం వర్తిస్తుంది. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, చెల్లింపు లెక్కకు అందిన రోజే ఒప్పుకున్నట్టు. అక్కడి నుంచి ఒప్పందంలో ఎంత గడువున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫోనులో చెప్పిన అభ్యంతరం ఈ లెక్కలోకి రాదు. సమయానికి రాసి పెడితే మాత్రం సప్లయర్ ఆ లోపాన్ని సరిదిద్దిన రోజు నుంచే గడువు మొదలవుతుంది. అలాగని 120 షాఫ్టుల పేరు చెప్పి 880 షాఫ్టుల డబ్బు కూడా ఆపడం నాకు న్యాయంగా తోచదు. కొత్త కడ్డీ కొనాల్సింది ఆ డబ్బుతోనే.

తిరస్కరించిన సరుకు విషయంలో 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం కొనుగోలుదారు పక్షాన ఒక మాట చెబుతుంది. వేరే ఒప్పందం లేకపోతే, తిరస్కరించిన సరుకును మోసుకెళ్లి ఇవ్వాల్సిన బాధ్యత కొన్నవారిది కాదు, తీసుకోవడం లేదని తెలియజేస్తే చాలు. కానీ అవసరం పడిందని ఎర్ర ట్యాగు ఉన్నవాటిలోంచి పది తీసి పంపుల్లో బిగించేశారా, ఆ పదింటినీ తిరస్కరించామని ఇక అనలేరు. స్టోరులో తాళం వేసి పెట్టమనేది అందుకే.

జూన్ 18 దాటి 22న వస్తే? తీసుకోవచ్చు. అయితే కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, గడువు కీలకమైన ఒప్పందంలో ఆలస్యపు సరుకును ఒప్పుకుని తీసుకుంటే, దానివల్ల కలిగిన నష్టం అడుగుతామని తీసుకునేటప్పుడే తెలియజేయాలి. తర్వాత గుర్తొచ్చి అడిగితే చెల్లదు. ఆ ఒక్క వాక్యాన్నీ 22వ తేదీ చలాను మీద సంతకం పెట్టేముందే సప్లయర్‌కు రాసి పంపాలి.