నజర్ ఒకటి, నజ్ర్ మరొకటి

తెనాలి, బాపట్ల, రేపల్లెల నుండి మా సంఘానికి వచ్చే విద్యార్థి వేతన దరఖాస్తుల్లో ఒకే బిడ్డ పేరు రెండు మూడు రకాలుగా కనిపించడం దాతలందరికీ తెలిసినదే. ఒక కాగితంలో రియాజ్ అని పలికేలా Riaz, మరొకదానిలో Riyaj. ఇది గుమాస్తా పొరపాటని కొట్టివేయలేము. దీని వెనుక వెయ్యేళ్ల పైబడిన చరిత్ర ఉన్నది.

రియాజ్ చివరి అక్షరం ఉర్దూలో 'జ్వాద్'. జాకిర్‌కు 'జాల్', జహీర్‌కు 'జోయ్', జైద్‌కు 'జే'. అరబ్బీలో ఈ నాలుగూ నాలుగు వేర్వేరు ధ్వనులు. పారశీకులు ఈ మాటలను రాతతో సహా తీసుకున్నారు గాని, వారి నాలుకకు ఆ తేడాలు లేవు. అన్నీ ఒకే 'జ'గా పలికారు. ఉర్దూ ఆ పలుకునూ ఆ రాతనూ పారశీకం ద్వారానే అందుకున్నది. రంజాన్‌ను అరబ్బులు రమదాన్‌కు దగ్గరగా పలకడానికి కారణం కూడా ఆ జ్వాదే.

ఫలితం ఇమ్లా రాసే పిల్లవాడిపై పడుతుంది. అక్షరం చూస్తే ధ్వని తెలుస్తుంది, కాని ధ్వని వింటే అక్షరం తెలియదు. మాట మాటకూ గుర్తుంచుకోవాలి. చదవడంలోనూ చిక్కు ఉన్నది. ఖురాన్‌లో జేర్, జబర్, పేష్ గుర్తులుంటాయి, ఉర్దూ పత్రికలో ఉండవు. అలిఫ్, సీన్ రెండే రాస్తే అది 'ఇస్' కావచ్చు, 'ఉస్' కావచ్చు. వాక్యమే చెప్పాలి.

మరి పాత రాతను వదిలేస్తే? చూపు అనే 'నజర్' జోయ్‌తో, మొక్కుబడి అనే 'నజ్ర్' జాల్‌తో రాస్తారు. మన వాడుకలో రెండూ దాదాపు ఒకటిగానే వినబడతాయి, కంటికి మాత్రం వేరు. ఆ లాభాన్ని వదులుకోవడం తేలిక కాదు.

తెలుగు వేరే దారిన పోయింది. ఱ, ర పలుకులో కలిసిపోయాక గుఱ్ఱము గుర్రంగా, ఆఱు ఆరుగా రాయడం స్థిరపడింది. అయినా తెలుగూ పూర్తిగా పలికినట్టు రాసే భాష కాదు. 'జ్ఞానం' రాసి గ్నానం అంటాము. 'జల్లెడ'లోని జ వేరు, 'జనం'లోని జ వేరు, అక్షరం మాత్రం ఒకటే.

ఇక్కడే రియాజ్ పేరు చెడింది. ఉర్దూలోని నాలుగు అక్షరాలూ తెలుగులో ఒక్క 'జ' అయ్యాయి. ఆ తెలుగు కాగితం చూసి ఆంగ్లంలోకి ఎక్కించినవారికి 'జ' అంటే j మాత్రమే. తిరిగి ఉర్దూలో రాయాలంటే తెలుగు పేరు చూసి జ్వాద్ అని ఎవరూ చెప్పలేరు. తల్లిదండ్రులను అడగవలసిందే. అందుకే దరఖాస్తులో ఉర్దూ రాతకు ఒక గడి పెట్టాము. ఆంగ్లంలో మాత్రం జనన ధ్రువపత్రంలోని అక్షరాలనే, మార్చకుండా, ప్రతి కాగితంలోనూ దించమని కోరుతున్నాము.