ఆయుష్షు తీరకముందే తుక్కైన యంత్రం

యంత్రం కొన్న ఏడాదే దాని ధరంతా ఖర్చుగా రాయరు. అది పనిచేసే ఏళ్లను అంచనా వేసి, ఏటా కొంత చొప్పున తరుగుదలగా రాసుకుంటూ పోతారు. అలా రాయగా ఇంకా మిగిలిన మొత్తమే దాని పుస్తక విలువ. అంచనా వేసిన గడువుకు ముందే యంత్రం మూలనపడితే, ఆ మిగిలిన మొత్తాన్ని ఒక్కసారిగా నష్టం కింద కొట్టివేయాల్సి వస్తుంది.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా నడిచే ఒక రైస్ మిల్లును ఉదాహరణగా తీసుకుందాం. రంగు మారిన బియ్యపు గింజలను కెమెరాలతో గుర్తించి, గాలితో పక్కకు కొట్టే సార్టెక్స్ యంత్రాన్ని 2018 ఏప్రిల్ 1న 30 లక్షల రూపాయలకు కొన్నారు. 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూల్ సాధారణ యంత్రాలకు 15 ఏళ్ల ఆయుష్షును సూచిస్తుంది. చివర్లో మిగిలే విలువ మామూలుగా ధరలో 5 శాతం మించకూడదు. మిల్లు ఆ లెక్కనే పాటించి లక్షన్నర పక్కన పెట్టింది. మిగిలిన 28.50 లక్షలను 15 ఏళ్లకు సమానంగా పంచితే, ఏటా తరుగుదల 1.90 లక్షలు.

2024 సెప్టెంబరు 30న వోల్టేజీ ఒడుదొడుకులకు యంత్రంలోని కంట్రోల్ కార్డులు కాలిపోయాయి. ఆ మోడల్ కార్డుల తయారీ ఆగిపోయింది. పాత యంత్రాల నుంచి తీసిన కార్డులు వేసి నడిపించాలంటే 9 లక్షలవుతుందని, అయినా రెండేళ్లకు మించి నమ్మకం లేదని మెకానిక్ చెప్పాడు. ఆ పనికి సరిపోయే కొత్త యంత్రం 25 లక్షలకు వస్తుంది, పదేళ్లు నడుస్తుంది.

ఇలాంటప్పుడు యజమానులు సాధారణంగా పొరబడే చోటు ఒకటుంది. పుస్తకాల్లో ఇంకా పదిహేడు లక్షల పైచిలుకు విలువ కనిపిస్తుంటే తుక్కుకు అమ్మడానికి మనసొప్పదు. కానీ ఆ డబ్బు 2018లోనే ఖర్చయిపోయింది. బాగుచేయించినా, అమ్మేసినా తిరిగి రాదు. తేల్చుకోవాల్సింది ఇక ముందు పెట్టే ఖర్చు గురించే. మరమ్మతు చేయిస్తే ఏడాదికి 4.50 లక్షలు పడుతుంది, కొత్తదైతే 2.50 లక్షలు. పెట్టుబడి మీద పది శాతం వడ్డీ కలుపుకున్నా కొత్తదే చవక. అందుకే మిల్లు పాతదాన్ని వదిలించుకుంది.

పుస్తకాల్లో మొదటి పని, యంత్రం ఆగిన రోజు వరకు తరుగుదల రాయడం. ఆరున్నరేళ్లకు అది 12.35 లక్షలైంది, పుస్తక విలువ 17.65 లక్షలు మిగిలింది. విప్పి తరలించే ఖర్చులు పోను పాత సామాన్ల వ్యాపారి దగ్గర 1.15 లక్షలు చేతికొచ్చాయి. బీమా లేదు కాబట్టి నష్టం 16.50 లక్షలు. యంత్రం ఖాతాలోని 30 లక్షలను క్రెడిట్ చేసి, దానికి ఎదురుగా పేరుకున్న తరుగుదలను 12.35 లక్షలు, బ్యాంకును 1.15 లక్షలు, నష్టాన్ని 16.50 లక్షలు డెబిట్ చేస్తారు. విడిగా కొని విడిగా లెక్క రాసిన ఎయిర్ కంప్రెసర్ బాగానే ఉంది కనుక అది పుస్తకాల్లో అలాగే ఉంటుంది.

కొనేవాడు దొరక్క యంత్రం షెడ్డులో పడి ఉన్నా నష్టాన్ని వాయిదా వేయడానికి వీల్లేదు. వాడకం మాని అమ్మకానికి పెట్టిన యంత్రాన్ని పుస్తక విలువ, ఖర్చులు పోను వచ్చే ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానితో చూపాలని పదో అకౌంటింగ్ ప్రమాణం చెబుతుంది. కొందరు తుక్కు డబ్బును ఇతర ఆదాయంగా రాసుకుని ఊరుకుంటారు. అప్పుడు లేని యంత్రం మీద ఏటా తరుగుదల పడుతూనే ఉంటుంది. ఆస్తుల రిజిస్టరు పట్టుకుని షెడ్డులో ఒక్కో యంత్రాన్ని సరిచూస్తే ఈ తప్పు బయటపడుతుంది.

ఆదాయపు పన్ను లెక్క వేరు. అక్కడ ఒకే రేటు వర్తించే యంత్రాలన్నీ కలిసి ఒక బ్లాకు. కాబట్టి 16.50 లక్షల నష్టాన్ని ఆ ఏడాది ఆదాయం నుంచి తగ్గించుకోనివ్వరు. పన్ను లెక్కలో దాన్ని తిరిగి లాభానికి కలపాలి. బ్లాకు విలువ నుంచి 1.15 లక్షలు మాత్రం తీసేసి, మిగిలినదాని మీద మామూలుగా 15 శాతం తరుగుదల లెక్కిస్తారు. అంటే బ్లాకు కొనసాగినంత కాలం పోయిన యంత్రం విలువ కొద్దికొద్దిగా పన్ను లెక్కలో కరుగుతూ ఉంటుంది.

లాభనష్టాల ఖాతాలో 16.50 లక్షలు ఒకే ఏడాది పడ్డా, ఆ ఏడాది అంత నగదు బయటికి పోలేదు. ఆరున్నరేళ్లే నడిచిన యంత్రానికి 15 ఏళ్ల లెక్క వేయడంతో, వెనకటి ఏళ్లలో తరుగుదల తక్కువగా, లాభం ఎక్కువగా కనిపించింది. ఆ తేడా ఇప్పుడు ఒకేసారి బయటపడింది. అందుకే ఆయుష్షు అంచనాను కనీసం ఏడాదికోసారి సమీక్షించాలని అకౌంటింగ్ ప్రమాణం అడుగుతుంది. విడిభాగాల తయారీ ఆగిపోయిందని ముందే తెలిసుంటే, మిగిలిన ఏళ్లను అప్పుడే కుదించి తరుగుదల పెంచాల్సింది. కొత్త యంత్రానికీ షెడ్యూల్‌లోని 15 ఏళ్లే వేయనక్కర్లేదు. తగిన సాంకేతిక ఆధారం చూపి, ఆ సంగతి లెక్కల్లో వెల్లడిస్తే పదేళ్లకే పంచుకోవచ్చు.