ప్రపోజల్ ఫారంలో ‘అవును’ అని రాసే ముందు

సైబర్ బీమా తీసుకోవాలనుకునే చిన్న సంస్థకు వచ్చే ప్రపోజల్ ఫారంలో మూడు విషయాలు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. లాగిన్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ వంటి రెండో ధ్రువీకరణ అడుగుతోందా, డేటాకు బ్యాకప్ ఉందా, కంప్యూటర్లన్నింటిలో రక్షణ సాఫ్ట్‌వేర్ నడుస్తోందా అని బీమా సంస్థ అడుగుతుంది. ప్రశ్నలు చిన్నవి, జవాబు గడులు అంతకన్నా చిన్నవి. అవును, కాదు అన్న రెండే గడులు చూసి చాలామంది యజమానులు ఆలోచించకుండా మొదటిదానికి టిక్కు పెడతారు. ప్రీమియం ఎంతో తేల్చేది ఆ టిక్కే. దాడి జరిగిన తర్వాత క్లెయిమ్ చెల్లుతుందో లేదో తేలేది కూడా దాని మీదే.

అమెరికాలో 2022లో జరిగిన ఒక వ్యాజ్యం ఇందుకు నిదర్శనం. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచేసే ఇంటర్నేషనల్ కంట్రోల్ సర్వీసెస్ అనే సంస్థ ట్రావెలర్స్ అనే బీమా సంస్థ దగ్గర సైబర్ పాలసీ తీసుకుంది. మల్టీఫ్యాక్టర్ ధ్రువీకరణ వాడుతున్నామని చెప్పే పత్రం మీద సంస్థ ముఖ్య కార్యనిర్వాహకుడు సంతకం చేశాడు. ఆ ఏడాది మే నెలలో రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. నష్టాన్ని పరిశీలించిన బీమా సంస్థ జూలైలో కోర్టుకు వెళ్లింది. ఫైర్‌వాల్‌కు మాత్రమే రెండో ధ్రువీకరణ ఉందని, సర్వర్లకు లేదని, కాబట్టి పాలసీనే రద్దు చేయాలని కోరింది. విచారణ దాకా పోకుండానే ఇరుపక్షాలూ రద్దుకు అంగీకరించాయి. క్లెయిమ్‌ను తిరస్కరించడానికీ పాలసీని రద్దు చేయడానికీ చాలా తేడా ఉంది. తిరస్కరిస్తే ఆ ఒక్క నష్టానికే డబ్బు రాదు. రద్దయితే అసలు పాలసీయే పుట్టనట్టు లెక్క.

ఈ వ్యాజ్యంలో గమనించాల్సిందేమిటంటే, సంస్థలో మల్టీఫ్యాక్టర్ అసలే లేదని బీమా సంస్థ అనలేదు. ఒకచోట ఉంది, అడిగిన అన్నిచోట్లా లేదు అన్నది. చిన్న సంస్థల జవాబుల్లో పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

ఉదాహరణకు విజయవాడలో ఒక ఆడిట్ కార్యాలయం ఉందనుకుందాం. భాగస్వాములు, ఉద్యోగులు కలిసి 17 మంది. మెయిల్ మైక్రోసాఫ్ట్ 365లో ఉంది. ఆఫీసులో ఒక సర్వర్, అందులో క్లయింట్ల ట్యాలీ డేటా. సీజన్‌లో ఇంటి నుంచి పనిచేసేవాళ్లు రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆ సర్వర్‌లోకి వస్తారు. కంప్యూటర్ల బాగోగులు చూసే వ్యక్తి బయటి నుంచి ఎనీడెస్క్‌తో పనిచేస్తాడు. ఇలాంటి కార్యాలయాలు మన పట్టణాల్లో వీధికొకటి ఉంటాయి.

మల్టీఫ్యాక్టర్ గురించి ఫారం ఒక్క ప్రశ్న అడిగినట్టు కనిపించినా నిజానికి అందులో మూడు ప్రశ్నలుంటాయి. ఉద్యోగులందరి మెయిల్‌కు ఉందా? బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారులన్నింటికీ, బయటి వ్యక్తులు వాడే దారులతో సహా, ఉందా? సర్వర్, బ్యాకప్, నెట్‌వర్క్ పరికరాలను నడిపే అడ్మిన్ లాగిన్‌లకు, ఆఫీసులో కూర్చుని వాడేటప్పుడు కూడా, ఉందా? ప్రతి ప్రశ్నలోనూ ‘అందరి’, ‘అన్ని’ అనే మాటలు ఉంటాయి. జవాబు ఆ మాటకే ఇవ్వాలి.

మెయిల్ సంగతి చూద్దాం. మైక్రోసాఫ్ట్ 365లో మనిషి మనిషికీ విడిగా మల్టీఫ్యాక్టర్ పెట్టే పద్ధతిలో ప్రతి పేరు పక్కన ఒక స్థితి కనిపిస్తుంది: `Disabled`, `Enabled`, `Enforced`. మధ్యలోని `Enabled` చూసి పని పూర్తయిందనుకుంటారు. కాదు. ఆ వ్యక్తిని జాబితాలో చేర్చారు, కానీ అతను తన ఫోన్‌ను ఇంకా నమోదు చేసుకోలేదని దాని అర్థం. అతని పాస్‌వర్డ్ దొంగిలించినవాడు ముందుగా లాగిన్ అయితే తన ఫోన్‌నే నమోదు చేసుకోగలడు. మన కార్యాలయంలో 15 మంది `Enforced`లో, ఇద్దరు `Enabled`లో ఉన్నారనుకుందాం. ఇలా మిగిలేవాళ్లు తరచు మెయిల్ తెరవని పెద్ద భాగస్వాములే అవుతారు. స్కానర్ నుంచి మెయిల్ పంపడానికి పెట్టిన ఖాతా ఒకటి ఉంటుంది, దానికి మినహాయింపు ఇచ్చి ఉంటారు. ముగ్గురు ఉద్యోగులు ఒకే పాస్‌వర్డ్‌తో వాడే ఉమ్మడి ఖాతా మరొకటి. కాబట్టి ‘అందరికీ ఉందా’ అంటే ఈ రోజుకు జవాబు ‘కాదు’.

ఇందులో ఇద్దరి నమోదు అరగంట పని. ఉమ్మడి ఖాతాకు నేరుగా లాగిన్ కాకుండా ఆపి, ఉద్యోగులు తమ తమ ఖాతాల నుంచే దాన్ని తెరిచేలా చేయవచ్చు. సంతకానికి ముందు చక్కబెట్టగలిగినవి చక్కబెట్టి, ఆ తర్వాతే టిక్కు పెట్టడం న్యాయమైన దారి. వచ్చే నెల చేస్తాం కదా అని ఈ రోజు ‘అవును’ అనడం మాత్రం అబద్ధమే. ఫారం అడిగేది సంతకం పెట్టిన రోజున ఉన్న స్థితిని.

రిమోట్ డెస్క్‌టాప్ దగ్గర చిక్కు పెద్దది. రౌటర్‌లో 3389 పోర్టు తెరిచి ఉంచి, ఇంటి నుంచి పాస్‌వర్డ్ ఒక్కదానితోనే సర్వర్‌లోకి వచ్చే ఏర్పాటు చాలా చోట్ల ఉంది. రాన్సమ్‌వేర్ ముఠాలు రోజూ వెతికే దారుల్లో ఇదొకటి. ఎనీడెస్క్‌లో, ఎదుట ఎవరూ లేకపోయినా లోపలికి రావడానికి ఒక శాశ్వత పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అదీ ఇంకో దారే. మెయిల్‌కు ఓటీపీ వస్తోంది కాబట్టి మా ఆఫీసులో మల్టీఫ్యాక్టర్ ఉంది అని యజమాని నమ్మకంగా అంటాడు. ఆ నమ్మకంలో మోసం లేదు. కానీ జవాబు తప్పు.

బ్యాకప్ ప్రశ్న మరో రకం. ఇక్కడ ఉందా లేదా అనేదాన్ని దాటి, దాడి చేసినవాడి చేతికి అందకుండా ఉందా అని ఫారం అడుగుతుంది. ఒక కాపీ అయినా నెట్‌వర్క్ నుంచి వేరుచేసి ఉందా, లేదా వేరే లాగిన్‌తో మార్చడానికి వీల్లేని విధంగా ఉందా, గత ఆరు నెలల్లో దాని నుంచి డేటా వెనక్కి తెచ్చి చూశారా అనేవి సాధారణంగా వచ్చే ప్రశ్నలు. మన కార్యాలయంలో ప్రతి రాత్రీ సర్వర్ డేటా ఒక నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టెలోకి కాపీ అవుతుంది. ఆ పెట్టె పాస్‌వర్డ్, సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటే. ఇంకో కాపీ సర్వర్‌కు ఎప్పుడూ గుచ్చి ఉంచిన యూఎస్‌బీ డిస్కులో ఉంది. సర్వర్ అడ్మిన్ దొంగ చేతికి చిక్కితే రెండు కాపీలూ అతని చేతికే చిక్కుతాయి. వన్‌డ్రైవ్‌లో ఫైళ్లు ఉన్నాయనే జవాబు కూడా ఇక్కడ నిలవదు. కంప్యూటర్‌లో ఫైలు ఎన్‌క్రిప్ట్ అయితే సింక్ ఆ పాడైన ఫైలునే పైకి తీసుకెళ్తుంది. పాత వెర్షన్లు కొంతకాలం ఉంటాయి, అవి ఉపయోగపడతాయి కూడా. కానీ ఫారం అడుగుతున్న బ్యాకప్ అది కాదు.

రెండు యూఎస్‌బీ డిస్కులు కొని, వారానికొకటి మారుస్తూ, తీసినదాన్ని ఆఫీసు బయట తాళం వేసి ఉంచితే ‘వేరుచేసిన కాపీ ఉంది’ అని నిజంగా రాయవచ్చు. అయితే ఎన్నాళ్లకొకసారి అన్న గడిలో ‘రోజూ’ అని కాక ‘వారానికి ఒకసారి’ అనే రాయాలి. రోజూ జరిగేది సర్వర్ పక్కనున్న కాపీ మాత్రమే.

వెనక్కి తెచ్చి చూడడం అంటే సాఫ్ట్‌వేర్‌లో పచ్చ టిక్కు చూడడం కాదు. డేటా ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌లోకి దించి, ట్యాలీలో కంపెనీ తెరిచి, చివరి వోచర్ తేదీ చూడాలి. ట్రయల్ బ్యాలెన్స్ అసలుదానితో సరిపోతోందో చూడాలి. ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. రాత్రిపూట ఎవరో ట్యాలీ మూయకుండా వెళ్తే, వాడుకలో ఉన్న ఫైళ్లను కొన్ని కాపీ సాఫ్ట్‌వేర్‌లు వదిలేసి, హెచ్చరికను ఎవరూ చదవని లాగ్‌లో రాసి ఊరుకుంటాయి. చివరి వోచర్ మూడు వారాల కిందటిదైతే అది ఈ పరీక్షలోనే బయటపడుతుంది. ఈ పరీక్ష చేయని సంస్థ ‘పరీక్షించాం’ అని రాయకూడదు.

మూడో ప్రశ్నలో ముందు తేల్చుకోవాల్సింది యాంటీవైరస్‌కూ ఈడీఆర్‌కూ ఉన్న తేడా. యాంటీవైరస్ ప్రధానంగా చెడ్డ ఫైళ్లను గుర్తించి ఆపుతుంది. ఈడీఆర్ కంప్యూటర్‌లో జరిగే పనుల తీరును గమనించి నమోదు చేస్తుంది, అనుమానం వస్తే హెచ్చరిస్తుంది, ఆ యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి విడదీయగలదు. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ యాంటీవైరస్ మొదటి రకం. అదే పేరుతో విడిగా లైసెన్స్ తీసుకునే డిఫెండర్ ఫర్ బిజినెస్ రెండో రకం. పేరులోని పోలిక వల్ల చాలా ఫారాల్లో తప్పు దొర్లుతుంది. ఇక లెక్క. మన కార్యాలయంలో 19 కంప్యూటర్లు, ఒక సర్వర్, మొత్తం 20 యంత్రాలు. ఈడీఆర్ నియంత్రణ తెరమీద 18 కనిపిస్తున్నాయి. మిగిలిన రెండింటిలో ఒకటి పాత స్కానర్ కోసం ఉంచిన విండోస్ 7 యంత్రం, రెండోది భాగస్వామి ఇంట్లోని ల్యాప్‌టాప్. కాబట్టి ‘అన్నింటిలో’ అన్నదానికి జవాబు ‘కాదు’. శాతం అడిగితే 90. ఆ 18లోనూ నెల రోజులుగా తెరమీదకు రాని యంత్రం ఏదైనా ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయాలి. రాత్రిపూట హెచ్చరికలు ఎవరు చూస్తారు అని కూడా ఫారం అడగవచ్చు. ఎవరూ చూడకపోతే ఆ మాటే రాయాలి.

గడిలో రెండే మాటలున్నా, అనుబంధంగా ఒక కాగితం జతచేయడానికి అడ్డు లేదు. ‘ఈడీఆర్ 20 యంత్రాల్లో 18లో ఉంది, విండోస్ 7 యంత్రానికి ఇంటర్నెట్ తీసేశాం, ల్యాప్‌టాప్‌లో ఫలానా తేదీకి పెడతాం’ అని రాసి, గడిలో ‘కాదు’ అని పెట్టి, ‘జత కాగితం చూడండి’ అనవచ్చు. ప్రశ్న అర్థం కాకపోతే బ్రోకర్‌ను మెయిల్‌లో అడిగి, జవాబును దాచుకోవాలి. ఫోన్‌లో ‘అవునని పెట్టేయండి సార్, ఏం కాదు’ అన్న మాటకు తర్వాత సాక్ష్యం ఉండదు. కంప్యూటర్ల వ్యక్తి నింపి ఇచ్చినా సంతకం యజమానిదే కనుక, తేదీతో స్క్రీన్‌షాట్లు, యంత్రాల జాబితా, పరీక్ష వివరాలు అతని దగ్గర తీసుకుని ఫారం కాపీతో కలిపి ఉంచాలి.

‘కాదు’ అని రాస్తే నష్టం లేదని చెప్పడం తప్పు. ప్రీమియం పెరగవచ్చు. రాన్సమ్‌వేర్ నష్టానికి ఇచ్చే పరిమితి తగ్గవచ్చు, కొన్ని సంస్థలు పాలసీ ఇవ్వకపోవచ్చు కూడా. ఇన్ని రోజుల్లో సరిచేయాలి అన్న షరతుతో ఇచ్చేవీ ఉన్నాయి. ఆ షరతు ఎంత కష్టంగా ఉన్నా, రద్దయ్యే పాలసీకి ప్రీమియం కట్టడం కన్నా మేలు.

మన దేశంలోనూ బీమా ఒప్పందం పరమ విశ్వాసం మీద నిలుస్తుంది. సత్వంత్ కౌర్ సంధూ కేసులో 2009లో సుప్రీంకోర్టు, బీమా ఇవ్వాలా వద్దా అని నిర్ణయించడంలో వివేకవంతుడైన బీమాదారును ప్రభావితం చేసే ఏ విషయమైనా ముఖ్యమైనదేనని చెప్పింది. అది ఆరోగ్య బీమా కేసు. అయినా అందులోని సూత్రం ప్రపోజల్ ఫారానికి సంబంధించినది. మోసం చేసే ఉద్దేశం లేదనడం ఒక్కటే రక్షణగా సరిపోకపోవచ్చు.

ఫారం ఇచ్చిన తర్వాత, పాలసీ మొదలయ్యే లోపు పరిస్థితి మారితే ఆ మార్పునూ తెలియజేయాలి. కొత్త శాఖ తెరిచి అయిదు కంప్యూటర్లు కలిస్తే నిన్నటి లెక్క చెల్లదు. రెన్యువల్ సమయంలో పోయినేటి ఫారాన్ని తేదీ మార్చి పంపడం మానుకోవాలి. ఆ రోజు లాగిన్ జాబితాను, కాపీలను, యంత్రాల లెక్కను మళ్లీ చూసి, జవాబులు కొత్తగా రాయాలి.