మడతబందు ఫొటో ఎటువైపు నుంచి తీయాలి?

వంటింట్లో గోడ అల్మరా తలుపు మూస్తే నిలవడం లేదు. వదిలేయగానే జానెడు దూరం తెరుచుకుంటోంది. తీసి చూస్తే లోపల మడతబందు స్ప్రింగు విరిగిపోయి ఉంది. ఇంటివాళ్లు ఎదురుగా నిలబడి ఒక ఫొటో తీసి హార్డ్‌వేర్ షాపు వాట్సాప్‌కి పంపిస్తారు. కింద ‘ఇలాంటివే రెండు కావాలి’ అని రాస్తారు. అవతలి నుంచి ఒక ప్రశ్న వస్తుంది: “జీరోనా అండీ, ఎయిటా, సిక్స్‌టీనా?”

ఆ ప్రశ్నకు జవాబు వాళ్లు పంపిన ఫొటోలో లేదు. ఎదురు నుంచి తీసిన ఫొటోలో ఆ మూడు రకాలూ ఒకేలా కనిపిస్తాయి. తలుపుకు తొలిచిన గుండ్రటి గుంటలో కూర్చున్న నికెల్ కప్పు, దాని పక్కన రెండు స్క్రూలు, కప్పు నుంచి అల్మరా లోపలికి వెళ్లే ఇనుప చెయ్యి, అది బిగించుకున్న ప్లేటు, మూడింటికీ అన్నీ అవే. తేడా అంతా ఆ చెయ్యి వంపులో ఉంది. వంపు పక్క నుంచి చూస్తేనే తెలుస్తుంది.

పాత బీరువాలకూ గుమ్మాలకూ వాడే రెండు రెక్కల మడతబందు వేరు. తెలంగాణలో చాలామంది కబ్జా అనేది దాన్నే. దానికి పొడవు అంగుళాల్లో చెబితే దాదాపు పని అయిపోతుంది. మాడ్యులర్ వంటిళ్లలో, ప్లైవుడ్ వార్డ్‌రోబుల్లో బయటికి కనిపించకుండా లోపల దాగే కప్పు మడతబందుకు అలా కుదరదు. షాపుల్లో దాన్ని ఆటో హింజ్ అంటారు, తలుపు కొంతదూరం రాగానే స్ప్రింగే లాక్కుని మూసేస్తుంది కాబట్టి. దాని పేరు ఇనుము రూపాన్ని బట్టి రాదు. తలుపు అల్మరా పక్కపలక మీద ఎంతవరకు కూర్చుంటుందో దాన్ని బట్టి వస్తుంది.

సాధారణంగా పక్కపలక 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్. అల్మరా చివరి తలుపైతే మూసినప్పుడు ఆ పలక అంచును దాదాపు పూర్తిగా కప్పేస్తుంది. అక్కడ చెయ్యి తిన్నగా ఉండే రకం కావాలి. అది జీరో క్రాంక్. మధ్యలో ఒకే పలకకు అటొక తలుపు, ఇటొక తలుపు ఉంటే ఒక్కో తలుపు వంతుకు సగం అంచే వస్తుంది. అందుకు చెయ్యి కాస్త వంగి ఉంటుంది, దాన్ని ఎయిట్ క్రాంక్ అంటారు. తలుపు పలక మీదికి రాకుండా రెండు పలకల మధ్య లోపలికి దిగి కూర్చునేదైతే వంపు బాగా ఎక్కువ, అది సిక్స్‌టీన్ క్రాంక్. ఆ అంకెలు ఉత్త పేర్లు కావు. చెయ్యి సుమారుగా అన్ని మిల్లీమీటర్లు వంగిందని అర్థం. వంపు ఎంత పెరిగితే తలుపు పలకను కప్పేది అంత తగ్గుతుంది. కొన్ని కంపెనీలు సగం వంపును 9 లేదా 9.5 అనీ, పూర్తి వంపును 18 అనీ వేస్తాయి. పని అదే.

పైన చెప్పిన వంటింటి సంగతే చూద్దాం. విరిగిన మడతబందు మధ్య పలకకు ఉంది. ఇంటివాళ్లు షాపు ప్రశ్నకు ఆలోచించకుండా ‘మామూలుదే పంపండి’ అన్నారనుకుందాం. ఎక్కువగా అమ్ముడయ్యేది జీరో క్రాంకే కాబట్టి అదే వస్తుంది. కప్పు పాత గుంటలో చక్కగా కూర్చుంటుంది, స్క్రూలు బిగుస్తాయి, అంతా సరిపోయిందనిపిస్తుంది. తలుపు మూయబోతే తెలుస్తుంది అసలు కథ. జీరో క్రాంక్ ఆ తలుపును పలక మీదికి 16 మిల్లీమీటర్ల దాకా తెస్తుంది. అవతలి తలుపు అప్పటికే 8 మిల్లీమీటర్లు ఆక్రమించి ఉంది. మొత్తం 24, పలక మందం 18. రెండు తలుపుల అంచులు గుద్దుకుంటాయి. చేతిమీది స్క్రూ తిప్పి సర్దుదామన్నా, అది తలుపును పక్కకు జరిపేది రెండు మూడు మిల్లీమీటర్లే. ఇక్కడ కావలసింది అంతకు మించిన జరుగుబాటు.

అందుకని మొదటి ఫొటో మడతబందుది కాకుండా, మూసి ఉన్న తలుపుదై ఉండాలి. రెండడుగులు వెనక్కి జరిగి, ఆ తలుపూ పక్క తలుపూ రెండూ పడేలా తీస్తే షాపువాడికి సగం జవాబు దొరికినట్టే. రెండోది తలుపు తెరిచి, పక్కపలక అంచుతో సహా మడతబందు కనపడేలా తీయాలి. మూడోది పాత మడతబందును ఊడదీసి, బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, చెయ్యి వంపు స్పష్టంగా కనిపించేలా తీసింది. అన్నిటికన్నా విలువైనది ఈ మూడోదే, ఎవరూ పంపనిదీ ఇదే.

ఊడదీసేటప్పుడు చేతి మీదా, కప్పు లోపలా, ప్లేటు మీదా వేలితో తుడిచి చూడాలి. కంపెనీ పేరో, ఏదో నంబరో అచ్చొత్తి ఉంటుంది. నూనె జిడ్డు కింద దాగి ఉంటుంది కాబట్టి తడిగుడ్డతో తుడిచి, టార్చి వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే అక్షరాలు పైకి తేలతాయి. ఆ నంబరు దొరికితే మిగతా వివరణలన్నీ అక్కర్లేకపోవచ్చు.

ఇక కొలతలు. ఫొటోలో వస్తువు రకం తెలుస్తుంది, సైజు తెలియదు. కప్పు వ్యాసం ఎక్కువ తలుపులకు 35 మిల్లీమీటర్లు. సన్నటి తలుపులకు, అద్దాల తలుపులకు 26 మిల్లీమీటర్ల చిన్న కప్పు కూడా ఉంది. టేపు చేతిలో లేకపోతే పది రూపాయల నాణెం పనికొస్తుంది, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. కప్పు మీద పెట్టినప్పుడు చుట్టూ 4 మిల్లీమీటర్ల అంచు మిగిలితే 35, నాణెం కప్పును పూర్తిగా మూసేస్తే 26. రూపాయి నాణెం మాత్రం ఇందుకు పనికిరాదు. చలామణిలో దాని సైజులు ఒకటికి మించి ఉన్నాయి. ఫొటోలో చూసేవాళ్లకు అది ఏదో తెలియదు.

కప్పు పక్కన ఉండే రెండు స్క్రూ రంధ్రాల మధ్య దూరాన్ని నాణెంతో తేల్చలేం. టేపు పెట్టాల్సిందే. ఒక రంధ్రం నడిమి నుంచి ఇంకో రంధ్రం నడిమికి కొలవాలి. 48 మిల్లీమీటర్లు బాగా వాడుకలో ఉన్నది, 45, 52 ఉన్నవీ ఉన్నాయి. 48కి బదులు 45ది వస్తే కొత్త స్క్రూ పాత రంధ్రం అంచు మీద పడుతుంది. ఎంత బిగించినా పట్టు దొరకదు, నెల తిరిగేసరికి ఊగుతుంది. తప్పనిసరై అలాంటిదే బిగించాల్సి వస్తే పాత రంధ్రాలను చెక్కపుల్లలు, ఫెవికాల్‌తో నింపి, ఆరాక కొత్తగా తొలవడం మేలు.

టేపు పెట్టి ఫొటో తీసినా కొలత తప్పే దారి ఒకటుంది. ఫోను బాగా దగ్గరగా పెడితే కెమెరాకు దగ్గరున్న భాగం ఉన్నదానికన్నా పెద్దగా పడుతుంది. చెయ్యి బారెడు దూరంలో నిలబడి, రెండింతలు జూమ్ చేసి తీస్తే ఆ వంకర తగ్గుతుంది. టేపు గానీ నాణెం గానీ కొలవాల్సిన వస్తువు ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో ఉండాలి. బల్ల మీద నాణెం, దానికి అంగుళం పైన కప్పు ఉంటే ఫొటో అబద్ధం చెబుతుంది.

మడతబందు విషయంలో ఇంకొక్కటి అడిగి తీరాలి, అది సాఫ్ట్ క్లోజా మామూలుదా అని. తలుపు చివరి రెండంగుళాల్లో నెమ్మదించి చప్పుడు లేకుండా మూసుకుంటే సాఫ్ట్ క్లోజ్. పాడైపోయినదైతే అలా పరీక్షించలేం కాబట్టి, చేతి మీదో కప్పులోనో అతికినట్టుండే చిన్న ప్లాస్టిక్ డబ్బా కోసం వెతకాలి. అదే తలుపుకున్న రెండో మడతబందును కూడా చూడాలి. ఒకటి నెమ్మదిగా మూసేదీ, ఇంకొకటి టక్కున లాగేదీ అయితే తలుపు తిన్నగా మూసుకోదు. ప్లేటును కూడా మడతబందుతో కలిపే కొనడం మంచిది. ఒక కంపెనీ చెయ్యి మరో కంపెనీ ప్లేటుకు సాధారణంగా పట్టదు.

సొరుగుల చానెళ్ల దగ్గర గందరగోళం తక్కువ. సొరుగును పూర్తిగా లాగి చూస్తే మూడు రకాల్లో ఏదో తేలిపోతుంది. పక్కల ఒకదానిలోంచి ఒకటి జారే మూడు పట్టీలు, మధ్యలో ఇనుప గుళ్లు ఉంటే అది టెలిస్కోపిక్ చానెల్. రెండే పట్టీలు, కొసన తెల్లటి ప్లాస్టిక్ చక్రం ఉంటే రోలర్ చానెల్. పక్కల ఇనుమే కనిపించక, వంగి చూస్తే సొరుగు అడుగున దాగి ఉంటే అది అండర్‌మౌంట్. ఒకదాని స్థానంలో ఇంకొకటి నేరుగా కూర్చోదు. టెలిస్కోపిక్‌కు సొరుగుకు అటూ ఇటూ దాదాపు అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్ల చొప్పున సందు కావాలి. ఆ సందు రెండు మిల్లీమీటర్లు తగ్గినా సొరుగు బిగుసుకుపోతుంది. ఎక్కువైతే గుళ్లు ఊడి రాలతాయి.

పొడవు విషయంలో తరచూ జరిగే పొరపాటు సొరుగును కొలవడం. కొలవాల్సింది చానెల్‌ని, అదీ పూర్తిగా మూసి ఉన్నప్పుడు. 18 అంగుళాల చానెల్ అంటే మూసి ఉన్నప్పుడు సుమారు 450 మిల్లీమీటర్లు. తెరిచి తీసిన ఫొటో పంపితే దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. ఎత్తు కూడా చెప్పాలి. ఎక్కువగా వాడేది 45 మిల్లీమీటర్ల పట్టీ. తేలికపాటి సొరుగులకు 35దీ ఉంది. ఒక పక్కదే పాడైనా జతగానే మార్చాలి, ఎందుకంటే అరిగిన గుళ్ల పక్కన కొత్తవి పెడితే సొరుగు వంకరగా లాగుతుంది.

క్యాచ్‌లు చిన్న వస్తువులు. వాటితో వచ్చే చిక్కు సగం ఫొటోనే పంపడం. అయస్కాంతం క్యాచ్ అల్మరాకు ఉంటే దానికి అంటుకునే ఇనుప బిళ్ల తలుపుకు ఉంటుంది. రెండు గుళ్ల మధ్య నాలుక ఇరుక్కునే బాల్ క్యాచ్‌కీ అంతే, నాలుక తలుపు మీద ఉంటుంది. రెండింటినీ ఒకే ఫొటోలో చూపిస్తేనే సరైన జత వస్తుంది. నొక్కితే తలుపు బయటికి తన్నే పుష్ ఓపెన్ క్యాచ్ తెప్పించుకునేవాళ్లు మాత్రం క్యాచ్‌తోపాటు మడతబందు ఫొటోనూ పంపాలి. ఆటో హింజ్ స్ప్రింగు తలుపును లోపలికి లాగుతుంటే క్యాచ్ బయటికి తోస్తుంటుంది, తలుపు పావు అంగుళం జరిగి ఆగిపోతుంది. ఆ క్యాచ్‌కు స్ప్రింగు లేని మడతబందు కావాలి. అది కూడా జీరో, ఎయిట్, సిక్స్‌టీన్ క్రాంకుల్లోనే దొరుకుతుంది.