16 గడులు, 15 మీటలు

1981లో వచ్చిన ఐబీఎం పీసీ వేరే పనిలో ఉన్నప్పుడు కీబోర్డు మీద టకటకా కొడుతూ పోతే, 15 మీటల దాకా అది మౌనంగా దాచుకునేది. పదహారో దానికి 'బీప్' మని అరిచి, ఆ మీటను వదిలేసేది. లోపల ఉన్న గడులు మాత్రం 16. మరి చివరి గడిని ఎందుకు వాడలేదు?

నొక్కిన మీటలు ప్రోగ్రామ్ చదివేదాకా వేచి ఉండే ఆ చోటు సర్క్యులర్ బఫర్. గడులకు 0 నుంచి 15 దాకా నంబర్లు ఉన్నాయనుకుందాం. 15 తర్వాత మళ్లీ 0 వస్తుంది. కొత్త మీటను ఏ గడిలో రాయాలో 'టెయిల్' చెబుతుంది, ఏ గడి నుంచి చదవాలో 'హెడ్' చెబుతుంది. రాసినప్పుడు టెయిల్, చదివినప్పుడు హెడ్ ఒక గడి ముందుకు జరుగుతాయి. చదివేసిన గడిని తుడిచే పని లేదు. ఎన్ని మీటలు మిగిలాయన్నది ఈ రెండు నంబర్లను బట్టే తెలియాలి.

మొదట రెండూ 0. రెండూ సమానమైతే బఫర్ ఖాళీ అని అర్థం. 15 మీటలు నొక్కితే టెయిల్ 15కు చేరుతుంది. పదహారోదాన్ని కూడా రాస్తే టెయిల్ చుట్టు తిరిగి 0కు వస్తుంది. హెడ్ కూడా అక్కడే ఉంది. నిండిన బఫర్ అచ్చం ఖాళీదానిలా కనిపిస్తుంది. ప్రోగ్రామ్ 'ఏమీ లేదు' అనుకుంటుంది, 16 మీటలూ ఒక్కసారిగా గల్లంతవుతాయి. అందుకే టెయిల్‌ను జరిపితే హెడ్‌ను తాకుతుందంటే, నిండిందని ముందే తేల్చేస్తారు. ఖాళీగా వదిలేది ఎప్పుడూ ఒకే గడి కాదు. ప్రోగ్రామ్ ఒక మీట చదవగానే హెడ్ 1కి వెళ్తుంది, అప్పుడు 15వ గడిలో రాసుకోవచ్చు. ఈసారి 0వ గడి ఖాళీగా ఉంటుంది.

ఎన్ని ఉన్నాయో విడిగా లెక్క పెట్టుకుంటే గడి మిగులుతుంది. కానీ ఆ లెక్కను రాసేవాడూ చదివేవాడూ ఇద్దరూ మార్చాలి. ఒకరు పాత లెక్కను చూసి మార్చేలోగా మరొకరు మార్చేస్తే లెక్క తప్పుతుంది. ఒక గడి వదిలే పద్ధతిలో టెయిల్‌ను రాసేవాడే, హెడ్‌ను చదివేవాడే మారుస్తారు.

రెండు లాభాలూ దక్కే దారి ఇంకొకటుంది. లినక్స్ కెర్నెల్‌లోని `kfifo` దాన్నే వాడుతుంది. నంబర్లను 15 దగ్గర వెనక్కి తిప్పకుండా పెరగనిస్తారు, గడి కావాల్సినప్పుడు మాత్రం 16తో భాగించి శేషం తీసుకుంటారు. `tail - head` 0 అయితే ఖాళీ, 16 అయితే నిండింది. షరతు ఒక్కటే, గడుల సంఖ్య 8, 16, 32 లాంటి రెండు ఘాతం కావాలి. 16 బిట్ల నంబరు 65535 దాటాక 0 అవుతుంది. గడులు 10 అయితే, అప్పటిదాకా 5వ గడిలో ఉన్నది 6కు వెళ్లాల్సింది పోయి 0కు దూకుతుంది. అక్కడి నుంచి వరస చెడిపోతుంది. వేల మీటలు సరిగ్గా పనిచేశాక బయటపడే తప్పు కాబట్టి, చిన్న పరీక్షల్లో ఇది దొరకదు.